తొక్క తీసే చేయి ఒకటే

ప్రశ్న: నేను ఎంఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాది పాటూరు. నాన్న ఇంట్లోనే మగ్గం నేస్తారు, పడుగు, డిజైను షావుకారు ఇస్తారు. నాన్నకు పని అంటే ప్రాణం. అక్క ఒక రొయ్యల ప్లాంటులో తొక్క తీసే పనికి వెళ్తుంది. అక్కడ స్నేహితురాళ్లు ఉన్నారు, సంతోషంగానే ఉన్నానంటుంది. మార్క్స్ లెక్కలో వీళ్లిద్దరూ పరాయీకరణకు గురైనవాళ్లేనా? సంతోషంగా ఉన్నవాళ్లను అలా అనడం మనం వాళ్ల మీద రుద్దడం కాదా? నోట్సులో నాలుగు రకాలు అని ఉంది. ఆ నాలుగింటికీ సంబంధం ఏమిటో అర్థం కావడం లేదు.

జవాబు:

కాసేపు మార్క్స్‌ను పక్కన పెట్టి తహసీల్దారు కార్యాలయానికి వెళదాం. అక్కడ ‘అన్యాక్రాంతం’ అనే మాట రోజూ వినిపిస్తుంది. చెరువు పోరంబోకు అన్యాక్రాంతమైంది, అసైన్డ్ భూమి అన్యాక్రాంతమైంది అంటారు. ఆ మాటలో ఎవరి మనసు ఎలా ఉందన్న ప్రశ్నే రాదు. ఒకరి చేతిలో ఉండవలసినది ఇంకొకరి అధీనంలోకి పోయింది, అంతవరకే. అమ్మినవాడు ఆ సాయంత్రం సంబరంగా విందు చేసుకున్నా భూమి అన్యాక్రాంతమైన మాట అబద్ధం కాదు.

మార్క్స్ జర్మన్‌లో రెండు మాటలు వాడాడు. ఒకటి ఎంట్‌ఆయిసెరుంగ్. తనదాన్ని తన నుంచి విడదీసి బయటికి ఇచ్చివేయడం అని అర్థం, అందులో ఆస్తి బదిలీ వాసన ఉంది. రెండోది ఎంట్‌ఫ్రెమ్‌డుంగ్, పరాయిదైపోవడం. మనం రెండింటికీ ‘పరాయీకరణ’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్ల మొదటి అర్థం చెవికి ఆనకుండా పోయింది. దాంతో పరాయీకరణ అంటే దిగులు, విసుగు, ఒంటరితనం అని విద్యార్థులు రాస్తున్నారు. ముప్పై ఏళ్లుగా నేను దిద్దిన జవాబు పత్రాల్లో ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. మీ ప్రశ్నలోని చిక్కు కూడా ఇక్కడే ఉంది.

ఇక అసలు పాఠం. 1844లో మార్క్స్ పారిస్‌లో ఉన్నాడు, వయసు 26. మీ పాఠానికి మూలం అప్పుడు ఆయన ఆర్థికవేత్తల పుస్తకాలు చదువుతూ రాసుకున్న రాతప్రతులు. ఆయన బతికుండగా అవి అచ్చు కాలేదు, పూర్తిగా వెలుగు చూసింది 1932లో. మీ పాఠంలో ఉన్న భాగం మొదటి రాతప్రతి చివర వస్తుంది, ముగియకుండానే ఆగిపోతుంది. అందులో ఆయన నాలుగు రకాలను జాబితాగా రాయలేదు. ఒక దారంలాగా ఒకదాని నుంచి ఇంకొకటి లాగాడు. కార్మికుడు తయారు చేసిన వస్తువు అతనికి పరాయిదై ఎదురు నిలుస్తోంది, ఇది మొదటి మెట్టు. వస్తువంటే పని చివర మిగిలే ఫలితమే కదా, ఆ ఫలితం పరాయిదైతే పని జరుగుతున్నప్పుడే అది పరాయి చేతిలో ఉండి ఉండాలి, ఇది రెండోది. ఆలోచించి, ఎంచుకుని పని చేయడమే మనిషిని మనిషిగా నిలిపే గుణం కాబట్టి, పని పరాయిదైతే ఆ గుణం కూడా బతకడానికి ఒక సాధనంగా దిగజారుతుంది, మూడోది. మనిషి తనకు తాను ఎలా ఉన్నాడో తోటి మనుషులతోనూ అలాగే ఉంటాడు, నాలుగోది.

ఆ తర్వాత ఆయన ఒక ప్రశ్న వేస్తాడు. నోట్సుల్లో అది సాధారణంగా కనిపించదు. ఈ వస్తువు నాది కాకపోతే ఎవరిది? దేవుళ్లది కాదు, ప్రకృతిది కాదు, ఇంకొక మనిషిది. పరాయీకరణ మనసులో పుట్టే జబ్బు కాదని, ఇద్దరు మనుషుల మధ్య ఉన్న సంబంధమని తేలేది ఈ వాక్యంతోనే.

ఇప్పుడు మీ అక్క దగ్గరకు వద్దాం. ఆ పని నాకు పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. అధ్యాపక ఉద్యోగం రాకముందు రెండేళ్లు నెల్లూరు తీరంలో ఒక ప్లాంటులో తూకం గుమాస్తాగా చేశాను. అప్పట్లో అంతా టైగర్ రొయ్య, ఇప్పుడున్న వనామీకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. రొయ్య మారింది గాని బల్ల మారలేదు. తెల్లకోటు, తలకు టోపీ, నోటికి గుడ్డ, కాళ్లకు గమ్‌బూట్లు, క్లోరిన్ నీళ్లలో ముంచిన చేతులు. స్టీలు బల్లకు రెండు వైపులా ఆడవాళ్లు నిలబడతారు. మధ్యలో ఐసుతో కలిపి రొయ్యలు పోస్తారు. తొక్క తీసి, వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్లటి నరం లాగి, ట్రేలో వేస్తారు. ట్రే నిండాక నా దగ్గరకు తెచ్చి, నీళ్లు వడిసేదాకా ఆగి, తూకం వేయించి, తమ టోకెన్ నంబరు మీద రాయించుకుని వెళ్తారు. కిలోకు ఇంత అని కూలి.

ఆ బల్ల దగ్గర వస్తువు పరాయిదవడం కళ్లకు కట్టేది. ప్యాకెట్టు మీద కొనుగోలుదారు పేరు ఉంటుంది. సరుకు ఏ లాటులో వచ్చిందో, ఏ చెరువుదో వెనక్కి వెతికి పట్టుకోవడానికి సంకేతాలు ఉంటాయి. తొక్క తీసిన మనిషి జాడ మాత్రం ఒకే ఒక్క సందర్భంలో బయటికి వచ్చేది. ట్రేలో తొక్క ముక్కో, తీయని నరమో కనిపిస్తే ‘ఇది ఏ టోకెన్?’ అని అడిగేవారు. బాగా చేసిన పనికి ఆమె పేరు లేదు, తప్పుకు మాత్రం నంబరు ఉంది. ఆ నంబరు చూసి తూకంలో కోత రాసింది నేనే. ఆ మాట తర్వాత మళ్లీ వస్తుంది.

వస్తువు పరాయిదవడం అంటే ‘ఆమె ఒలిచిన రొయ్యను ఆమె కొనలేదు’ అని కొందరు రాస్తారు. అది చిన్న సంగతి. మార్క్స్ చెప్పింది ఇంకా బరువైనది. తన చేతి నుంచి వెళ్లిన వస్తువు తన మీదే అధికారం చలాయించే శక్తిగా తిరిగి వస్తుందన్నాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అప్పటికి మన రొయ్యకు పెద్ద అంగడి అదే. అంతకుముందు నెలల తరబడి ఒలిచి పంపిన రొయ్య అక్కడ అమ్ముడుపోతుందా లేదా అన్నదాన్ని బట్టే ఇక్కడ ఒక మనిషికి రేపు పని ఉంటుందా లేదా అన్నది తేలుతుంది. సొంత చెమట ఎక్కడో ధరగా మారి, తిరిగి వచ్చి గేటు మూస్తుంది లేదా తెరుస్తుంది. అందులో ఆమె మాటకు ఎక్కడా చోటు లేదు.

పని విషయానికి వస్తే మీ అక్క మిమ్మల్ని ఒక ప్రశ్న అడగవచ్చు: ‘నన్నెవరూ తొందరపెట్టరు, కిలోల లెక్క కదా, నా ఇష్టం వచ్చినంత చేస్తాను, మరి పని పరాయిదెలా అయింది?’ మంచి ప్రశ్నే. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ముక్కకూలి మీద విడిగా ఒక అధ్యాయం ఉంది, ఈ ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుంది. ముక్కకూలి అంటే వేషం మార్చుకున్న కాలపు కూలేనని మార్క్స్ వాదన. పని నాణ్యతను ముక్కే పరీక్షిస్తుంది, వేగాన్ని కూలే పెంచుతుంది, కాబట్టి పైన నిలబడి అదిలించే మనిషి అవసరం చాలావరకు తగ్గిపోతుంది. పనిని మేస్త్రీలకు వదిలేయడానికి కూడా ఇది అనువైన పద్ధతి అంటాడు.

దీన్ని లెక్క వేసి చూద్దాం. తల తీసిన రొయ్యను పౌనుకు ఎన్ని తూగుతాయో చూసి కౌంట్ కడతారు. 31/40 అంటే పౌనుకు 31 నుంచి 40, కిలోకు సుమారు 68 నుంచి 88. 71/90 అంటే కిలోకు 156 నుంచి 198. ఒక రొయ్యకు ఆరు సెకన్లు పడుతుందని అనుకోండి. మొదటి రకం కిలోకు దాదాపు ఎనిమిది నిమిషాలు, రెండో రకానికి దాదాపు పద్దెనిమిది. తొక్క తరుగు కూడా కలిపితే ట్రేలో కిలో మాంసం పడడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. నేను పనిచేసిన చోట చిన్న రొయ్యకు రేటు కాస్త ఎక్కువ ఇచ్చేవారు గాని రెట్టింపు కాదు. కాబట్టి ఆ రోజు ఆమె ఎంత సంపాదించాలన్నది ఆమె వేళ్ల కన్నా ముందు, ఎవరి చెరువు ఏ కౌంట్‌లో పట్టారన్నదాన్ని బట్టి తేలేది. వైరస్ భయంతో రైతు తొందరపడి చిన్నప్పుడే పట్టేస్తే ఆ వారమంతా ఆడవాళ్ల కూలి పడిపోయేది. లారీ ఆలస్యమైతే బల్ల దగ్గర ఖాళీగా నిలబడిన గంటలకు కూలి లేదు. రెండు లారీలు ఒకేసారి వస్తే రాత్రి దాకా ఇంటికి పోవడం లేదు. వేగం ఆమె చేతిలో ఉన్నట్టే ఉంటుంది. ఏది, ఎప్పుడు, ఎంతసేపు, ఎంతకు అన్నవేవీ ఆమె చేతిలో ఉండవు.

ఆ సంతోషం మాట ఏమిటని కదా మీరు అడిగింది. అది నిజమైనదే. నా బల్ల దగ్గర ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవారు, మధ్యాహ్నానికి ఎవరి ట్రేలు ఎక్కువైతే రెండోవాళ్లు టీ ఇప్పించాలని పందెం. నవ్వులు, ఎగతాళి, ‘సార్, దాని ట్రేలో ఐసు ఉంది చూడండి’ అని ఫిర్యాదులు. మైకేల్ బురవాయ్ అనే సామాజిక శాస్త్రవేత్త చికాగో దగ్గర ఒక యంత్రాల కర్మాగారంలో స్వయంగా పనిచేసి, 1979లో సరిగ్గా ఇలాంటి ఆట గురించి రాశాడు. ముక్కకూలి లెక్కను దాటడాన్ని కార్మికులు ఆటగా మార్చుకుంటారు. ఆట వల్ల రోజు గడుస్తుంది, అలసట తగ్గుతుంది, పంతం నెగ్గిన తృప్తి ఉంటుంది. ఆటలో దిగిన తర్వాత మాత్రం ఆట నియమాలు ఎవరు పెట్టారన్న ప్రశ్న పక్కకు పోతుంది. నా అనుభవం కూడా అదే. పందెం కాసినవాళ్లు రేటు గురించి అడిగింది నేను చూడలేదు, తూకం గురించి మాత్రం నాతో రోజూ పోట్లాడేవారు.

మూడో మెట్టును పుస్తకాలు బరువైన మాటలతో చెబుతాయి, అందుకే ఒక ఇంటి సంగతితో చెబుతాను. మీ అక్క ఆదివారం ఇంట్లో అరకిలో రొయ్యలు ఒలుస్తుంది. వేళ్ల కదలిక అదే, నరం లాగడం అదే, విసుగు కూడా ఉండవచ్చు. కానీ ఆ రొయ్య వంకాయలో పడాలా, ఇగురు కావాలా అని ముందే అనుకుంది. చిన్నవైతే నరం తీయకుండా వదిలేస్తుంది, మధ్యలో ఆపి పక్కింటివాళ్లతో మాట్లాడుతుంది, ఉప్పు చాలకపోతే ఆ మాట తన చెవినే పడుతుంది. పని మొదట్లో ఊహ, చివర్లో రుచి, రెండూ ఆమె దగ్గరే ఉన్నాయి. బల్ల దగ్గర ఆ రెండు కొసలూ తెగిపోయి మధ్యలో ఆరు సెకన్ల కదలిక మాత్రం మిగిలింది. విసుగే పరాయీకరణ అయితే ఈ రెండు పనులూ ఒకటే కావాలి. (ఇంట్లో ఒలిచే పని ఎప్పుడూ అక్కదే ఎందుకైంది, మీది ఎందుకు కాలేదు అన్నది వేరే ప్రశ్న. 1844 రాతప్రతుల్లో దానికి జవాబు లేదు.)

నాలుగోదాన్ని ‘ఒంటరితనం’ అని రాయకండి. ఆ హాలులో ఒంటరితనం ఎక్కడా లేదు. అక్కడ మనుషులు కలిసేది ఒకరి అవసరం ఒకరికి తెలిసి కాదు, టోకెన్లు, కౌంట్లు, ధరల ద్వారా. పెద్ద రొయ్యలు పోసిన కొసకు ముందుగా చేరడం కోసం స్నేహితురాళ్లే భుజాలు తోసుకునేవారు. ఒకరికి పెద్దవి వస్తే పక్కవారికి చిన్నవి. మేస్త్రీ తీసుకొచ్చిన వేరే ఊరివాళ్లు బల్ల దగ్గరకు వస్తే ‘మన పని పోయింది’ అనుకునేవారు. చెరువు రైతు గేటు దగ్గర, కౌంట్ చూపి తన ధరలో పెట్టిన కోత గురించి తిట్టుకుంటూ పోయేవాడు. ఆ కోతకూ లోపల కూలికీ ఏదైనా లంకె ఉందని రైతుకూ తోచలేదు, ఆడవాళ్లకూ తోచలేదు. ఇక నా సంగతి. నేను ఆ ఊరివాడినే, వాళ్లలో ఇద్దరు నాకు వరసకు అత్తలు. అయినా బల్లకు ఇవతల నిలబడి, నీళ్లు ఇంకా వడవలేదని ట్రేకు వంద గ్రాములు తగ్గించి రాసిన రోజులున్నాయి. తగ్గించకపోతే సాయంత్రం ప్యాకింగ్ తూకంతో నా లెక్క కుదరదు, ఆ తేడా నా జీతంలో పడుతుంది. ఒక రోజు అత్త ట్రే పట్టుకుని ఏమీ అనకుండా నా ముఖం వైపు చూసి వెళ్లింది. పండగకు వాళ్లింటికి వెళ్లినప్పుడు కూడా ఆ వంద గ్రాములు మా మధ్య ఉన్నాయి.

ఇప్పుడు మీ నాన్నగారు. ఇక్కడ ‘అవును’ అనో ‘కాదు’ అనో రాస్తే మార్కులు రావు, అర్థం కూడా కాదు. షావుకారు పడుగు, జరీ ఇస్తాడు, డిజైను ఇస్తాడు, చీర తీసుకుని మజూరీ ఇస్తాడు. చీర మీద మీ నాన్నకు ఏ హక్కూ లేదు, ఏ అంగట్లో ఎంతకు పోయిందో కూడా తెలియదు. వస్తువు పరాయిదే. పని మాత్రం పూర్తిగా పరాయిది కాలేదు. ఎప్పుడు గుంటలో దిగాలి, ఎప్పుడు లేవాలి, తెగిన పోగును ఎలా అతకాలి, అంచు దగ్గర ఎంత బిగువు ఉండాలి అన్నవన్నీ ఆయన వేళ్లలో ఉన్నాయి. షావుకారుకు ఆ విద్య రాదు. పాత పని పద్ధతిని అలాగే ఉంచి, పై నుంచి పెట్టుబడి అధీనం చేసుకోవడం ఒక దశ అని, పని లోపలికే దిగి దాని తీరును మార్చేయడం తర్వాతి దశ అని మార్క్స్ ‘పెట్టుబడి’ కోసం రాసిన ప్రతుల్లో తేడా చూపాడు. మొదటిదాన్ని రూపమాత్రపు అధీనత అని, రెండోదాన్ని నిజ అధీనత అని అంటారు. మీ నాన్న మొదటి దశలో ఉన్నారు, అక్క రెండోదానిలో. ఆయనకు పని అంటే ప్రాణం కావడం భ్రమ కాదు. ఇంకా ఆయన దగ్గర మిగిలి ఉన్నదాన్నే ఆయన ప్రేమిస్తున్నారు.

అయితే చేనేతను చూసి మరీ మురిసిపోకండి. కండెలు చుట్టే మీ అమ్మగారి పనికి మజూరీలో విడిగా పేరు లేదు. షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే ‘నా ఇష్టం వచ్చినప్పుడు లేస్తాను’ అన్నది కూడా సగమే నిజం. అవే మగ్గాలను షావుకారు తన షెడ్డులో వేయించి, నేతగాళ్లను అక్కడికి రమ్మన్న రోజు ఏం మారుతుందో ఊహించండి. మగ్గం అదే, చీర అదే, మజూరీ కాస్త పెరగవచ్చు కూడా. వేళ మాత్రం షావుకారు గడియారానికి మారుతుంది. పరాయీకరణ పెరిగిందో లేదో కూలి అంకె చూస్తే తెలియదు అనడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ నాకు తట్టలేదు. కూలి పెంపు బానిసకు మెరుగైన జీతం ఇవ్వడం వంటిదేనని మార్క్స్ ఘాటుగా అన్నది ఈ అర్థంలోనే. కడుపు నిండినవాళ్లే ఆ మాటను తేలిగ్గా వాడతారు. కిలోకు రూపాయి పెరిగిన వారం మా బల్ల దగ్గర ఎంత తేడా ఉండేదో నేను చూశాను.

ఇక రుద్దడం గురించి. రాబర్ట్ బ్లౌనర్ 1964లో అచ్చు, బట్టల మిల్లు, కార్ల తయారీ, రసాయనాలు అనే నాలుగు పరిశ్రమల కార్మికులను పోల్చి పరాయీకరణను కొలిచాడు. నిస్సహాయత, అర్థం లేకపోవడం, ఒంటరితనం, తన పనిలో తాను లేకపోవడం అని నాలుగు కొలతలు పెట్టుకున్నాడు. చేతివృత్తి లాంటి అచ్చుపనిలో తక్కువ, కార్ల వరుసలో అత్యధికం, యంత్రాలే నడిపే రసాయన పరిశ్రమలో మళ్లీ తక్కువ అని తేల్చాడు. వివరాలు విలువైనవే. కానీ ఆయన కొలిచినది చాలావరకు కార్మికుల అనుభూతిని. వస్తువు ఎవరిది అన్న ప్రశ్న ఆ కొలతల్లోంచి జారిపోయింది. రసాయన కర్మాగారంలో తీరికగా మీటలు చూసుకునేవాడు సంతృప్తిగా ఉంటే పరాయీకరణ తగ్గిందనడం, మంచి ధరకు అమ్మాడు కాబట్టి భూమి అన్యాక్రాంతం కాలేదనడం లాంటిది.

ఎదుటి వైపు తప్పు కూడా ఉంది, మా తరం కమ్యూనిస్టు మిత్రులు చేసింది అదే. ‘వాళ్లు సంతోషం అనుకుంటున్నారు గాని అది సంతోషం కాదు’ అనేవారు. మీ అక్క తన సంతోషం గురించి చెప్పినదాన్ని కొట్టిపారేసే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. ఎవరు ఏం చెప్పినా తప్పు పట్టలేని సిద్ధాంతం దేన్నీ వివరించదు కూడా. నేను అనుసరించే పద్ధతి ఇది. పరాయీకరణ ఉందా లేదా అన్నది సంబంధాన్ని చూసి తేల్చాలి. ఆ సంబంధం ఎక్కడ ఒరుసుకుంటోందో మనుషుల మాటల్లో వెతకాలి. ఆడవాళ్లు నాతో తూకం గురించి పోట్లాడారన్నాను కదా, సిద్ధాంతం చెప్పిన గీత ఆ హాలులో బయటపడేది ఆ పోట్లాటలోనే. యజమాని మారితే చాలదనడానికీ అదే గుర్తు. కొనుగోలు, రేటు, డిజైను ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉన్న సహకార సంఘంలో కూడా సభ్యుడు బల్లకు అవతలే నిలబడతాడు, సంఘం పుస్తకంలో వాటా అతని పేరునే ఉన్నా సరే.

పరీక్షకు రాసేటప్పుడు నాలుగింటినీ నాలుగు శీర్షికలుగా విడగొట్టకుండా, ‘ఈ వస్తువు ఎవరిది’ అన్న ప్రశ్న దాకా ఒకే వాదంగా నడిపించండి. రాయబోయే ముందు ఒకసారి అక్కను అడగండి. ‘సంతోషంగా ఉన్నావా’ అని కాదు, తిరగ్గొట్టిన ట్రేను తిరిగి ఎవరు ఒలుస్తారు, ఆ సమయం ఎవరి లెక్కలో పడుతుంది అని. ఆమె చెప్పింది వీలైతే ఇక్కడ రాయండి. నేను బల్ల వదిలి చాలా ఏళ్లయింది, అప్పట్లో అది టోకెన్ మీదే పడేది.